యాభై దాటాక తగ్గని కడుపు ఉబ్బరం: ముందు పొత్తికడుపు స్కాన్ చేయించండి

ప్రశ్న: మేడం, నాకు 57 ఏండ్లు. మాది నర్సంపేట దగ్గర పల్లె. నాలుగు నెలల సంది కడుపు ఉబ్బరంగ ఉంటాంది. రెండు ముద్దలు తినంగనే నిండినట్టయితది. వాము నీళ్లు, ఇంగువ మజ్జిగ, జీలకర్ర కషాయం అన్ని తాగిన. మా ఊరి ఆరెంపీ గ్యాస్ గోళీలిచ్చిండు. వాడినన్ని రోజులు నయమనిపిస్తది, మళ్ల మామూలే. వరంగల్ పోయి ఎండోస్కోపీ చేయించుకున్న, కొంచెం గ్యాస్ట్రైటిస్ తప్ప ఏం లేదన్నరు. పదిహేనేండ్ల కింద గర్భసంచి తీసేసిన్రు, గనుక ఆడోళ్ల రోగం గూడ కాదు. పొట్ట పెరుగుతాందని నా కోడలు అంటది. ఇంకేమన్న మంచి చిట్కా ఉంటె చెప్పున్రి.
— ఒక సోదరి, నర్సంపేట మండలం

జవాబు: అమ్మా, చిట్కా చెప్పను. ఈ వారంలోనే స్త్రీల వ్యాధుల డాక్టరు దగ్గరకు వెళ్లి పొట్ట పరీక్ష, లోపలి పరీక్ష రెండూ చేయించుకోండి. ఆ తర్వాత పొట్ట పై భాగంతో పాటు పొత్తికడుపు కూడా కనిపించేలా స్కాన్ తీయించండి. పత్తి ఏరడం అయిపోనీ, పండుగ పోనీ అని ఆగకండి.

మీకు ఉన్నది క్యాన్సరే అని నేను అనడం లేదు. ఉబ్బరమని వచ్చే ఆడవాళ్లలో చాలామందికి అది ఉండదు. కానీ యాభై దాటిన మనిషికి ఈ వయసులో కొత్తగా మొదలైన ఉబ్బరం వారాల తరబడి పోకుండా ఉందంటే, పైగా రెండు ముద్దలకే కడుపు నిండుతోందంటే, ముందు అండాశయాల్లో క్యాన్సర్ లేదని తేల్చుకోవాలి. మిగతా కారణాలు ఆ తర్వాత వెతకొచ్చు. బ్రిటన్‌లో ప్రభుత్వ వైద్యానికి పద్ధతులు నిర్ణయించే నైస్ సంస్థ 2011లో డాక్టర్లకు ఇదే చెప్పింది. పొట్ట ఉబ్బడం, తొందరగా కడుపు నిండడం లేదా ఆకలి పోవడం, పొత్తికడుపులో నొప్పి, మూత్రం మాటిమాటికి రావడం లేదా ఆపుకోలేకపోవడం — వీటిలో ఏదైనా నెలలో 12 సార్ల కంటే ఎక్కువగా వస్తుంటే, ముఖ్యంగా యాభై దాటిన వాళ్లలో, పరీక్షలు మొదలుపెట్టమంది. పేగులు సున్నితంగా ఉండి గ్యాస్ పట్టే జబ్బు ఒకటుంది, డాక్టర్లు దాన్ని ఐబీఎస్ అంటారు. అది మొదటిసారి యాభై దాటాక మొదలవడం అరుదని కూడా ఆ సంస్థ గుర్తు చేసింది. ఇరవై ఏళ్లుగా గ్యాస్ ఉన్న మనిషి సంగతి వేరు. మీకిది నాలుగు నెలల కిందటి దాకా లేదు.

గ్యాస్ వల్ల వచ్చే ఉబ్బరం పొద్దున లేచేసరికి చాలావరకు దిగిపోయి ఉంటుంది. తిన్నాక, సాయంత్రానికి పెరుగుతుంది. గాలి పోతేనో, విరేచనం అయితేనో తేలికవుతుంది. పొట్టలో నీరు చేరినా, గడ్డ పెరుగుతున్నా పొద్దున పరగడుపున కూడా పొట్ట అలాగే ఉంటుంది, వారం వారానికీ కొంచెం కొంచెం పెరుగుతుంది. లంగా నాడ ఇదివరకు ఎక్కడ ముడి పడేదో, ఇప్పుడు ఎక్కడ పడుతోందో చూసుకోండి. నడుము చుట్టూ నాడ గుర్తు లోతుగా పడుతూ, అదే సమయంలో రవిక చేతుల దగ్గర వదులవుతుంటే అది లావు కావడం కాదు. లావైతే చేతులు, మెడ, నడుము అన్నీ కలిసి పెరుగుతాయి. పొట్ట ఒక్కటే ముందుకొచ్చి బుగ్గలు, భుజాలు చిక్కుతున్నాయంటే లోపల ఏదో ఉందని అర్థం. మీ కోడలు మిమ్మల్ని రోజూ చూసే మనిషి. ఆమె మాట పట్టించుకోండి.

వాము నీళ్లు, జీలకర్ర హాని చేసేవేం కావు. వాటితో మీకు కొంచెం నయమనిపించడం కూడా అబద్ధం కాదు. లోపల నీరో గడ్డో పెరిగితే పేగులకు చోటు తగ్గి, వాటిలో ఉన్న కాస్త గాలి కూడా బాధ పెడుతుంది. వాము, ఇంగువ, గ్యాస్ గోళీ ఆ పైబాధను కొంతసేపు తగ్గిస్తాయి, అసలు కారణం మాత్రం అలాగే ఉండిపోతుంది. అండాశయం మీదగానీ దాని పక్కనున్న నాళం చివరగానీ క్యాన్సర్ మొదలైతే, కణాలు రాలి పొట్టలో సహజంగా ఉండే కొద్దిపాటి తడిలో కలుస్తాయి. ఆ తడితో పాటు పైదాకా వెళ్లి, పేగుల ముందు వేలాడే కొవ్వు పొర మీద, పొట్ట లోపలి పొర మీద అతుక్కుంటాయి. నీరు ఇంకిపోయే దారులు మూసుకుపోయి పొట్టలో నీరు చేరుతుంది. బరువెక్కిన కొవ్వు పొర, ఆ నీరు కలిసి జీర్ణాశయాన్ని నొక్కుతాయి. రెండు ముద్దలకే నిండినట్టు అనిపించడానికి కారణం అదే. గర్భసంచి క్యాన్సర్‌లో రక్తస్రావం కనిపిస్తుంది, రొమ్ములో గడ్డ చేతికి తగులుతుంది. అండాశయం అలా ఏ గుర్తూ చూపించకుండా పొట్ట లోతుల్లో ఉంటుంది. అందుకే దాని మొదటి మాట చాలాసార్లు ఉబ్బరమే, దాన్ని గ్యాస్ అని కొట్టిపారేస్తుంటారు. ఎక్కువ మందికి జబ్బు పొట్టంతా పాకాక బయటపడడానికి కారణం ఇది.

ఇక ఎండోస్కోపీ. దానితో అన్నవాహిక, జీర్ణాశయం, చిన్నపేగు మొదటి భాగం లోపలివైపు మాత్రమే కనిపిస్తాయి. అండాశయాలు ఉండేది పొత్తికడుపులో, పేగులకు బయట. ఎండోస్కోపీలో కొంచెం గ్యాస్ట్రైటిస్ అని రావడం మన దగ్గర ఎంత మామూలంటే, యాభై దాటిన ఎవరికి చేసినా ఆ మాట రావచ్చు. దానికి మందు రాసిచ్చాక అందరూ నిశ్చింతగా ఉండిపోతారు. ఎండోస్కోపీ చేసిన డాక్టరు తప్పు చెప్పలేదు. మీ బాధకు కారణం వెతకాల్సిన చోటు మాత్రం ఇంకా ఎవరూ చూడలేదు.

గర్భసంచి తీసేశారు గనుక ఆడవాళ్ల రోగం కాదని రాశారు. వరంగల్ చుట్టుపక్కల మండలాల నుంచి వచ్చే వాళ్లలో నేను అన్నిటికంటే ఎక్కువగా వినే మాట ఇది. చిన్న వయసులోనే గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్లు దేశంలో ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ముందు వరుసలో ఉన్నాయని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. ఆ ఆపరేషన్లలో చాలాసార్లు గర్భసంచి ఒక్కటే తీసి అండాశయాలు వదిలేస్తారు. నలభై రెండేళ్ల వయసులో అలా వదలడం మంచిదే, ఎందుకంటే ఆ వయసులో అండాశయాలు ఇచ్చే హార్మోన్ ఎముకలకు, గుండెకు కావాలి. కానీ అవి లోపలే ఉన్నాయని చెప్పేవాళ్లు ఉండరు, అడిగేవాళ్లూ ఉండరు. అప్పటి డిశ్చార్జి కాగితం ఇంట్లో ఉందేమో వెతకండి. అందులో రెండు అండాశయాలు కూడా తీశారా, ఒకటే తీశారా, అసలు తీయలేదా అన్నది రాసి ఉంటుంది. కాగితం దొరకకపోతే అండాశయాలు ఉన్నాయనే అనుకుని ముందుకు వెళ్లండి. రెండూ తీసేసినా పొట్ట లోపలి పొర మీద ఇదే రకం క్యాన్సర్ రావడం అరుదుగా ఉంది. కాబట్టి ఏ విధంగా చూసినా స్కాన్ తప్పదు.

పరీక్ష రోజున ఏం జరుగుతుందో చెబుతాను, సిగ్గుతోనో భయంతోనో వెనక్కి తగ్గకుండా ఉంటారని. డాక్టరు మిమ్మల్ని వెల్లకిలా పడుకోబెట్టి పొట్ట మీద వేళ్లు పెట్టి తడతారు. గాలి ఉన్న చోట డొల్లగా, నీరు ఉన్న చోట మొద్దుగా వినిపిస్తుంది. తర్వాత పక్కకు తిరగమని మళ్లీ తడతారు. మొద్దు చప్పుడు చోటు మారితే అక్కడ నీరు కదులుతోందని తెలుస్తుంది. ఆ తర్వాత చేతితో లోపలి పరీక్ష చేస్తారు. ముట్లు ఆగిపోయే వయసు దాటాక అండాశయం ముడుచుకుపోయి చేతికి అందకూడదు. తగిలిందంటే అది మామూలు విషయం కాదు. రెండు నిమిషాల పని, ఒక పైసా ఖర్చు లేదు. గ్యాస్ గోళీలు రాసిచ్చిన నాలుగు నెలల్లో ఈ పని ఒక్కసారి కూడా జరగకపోవడం నాకు బాధగా ఉంది. ఆడ డాక్టరు కావాలని అడగండి, అడగడంలో తప్పేం లేదు.

డాక్టరుకు చెప్పేటప్పుడు గ్యాస్ అని మొదలుపెట్టకండి. "నాలుగు నెలలైంది, పొట్ట పెరుగుతోంది, తిండి పోవడం లేదు, ఇదివరకు ఇలా లేదు" అని చెప్పండి. మూత్రం మాటిమాటికి వస్తోందా, బరువు తగ్గారా, తల్లికి గానీ అక్కచెల్లెళ్లకు గానీ రొమ్ము క్యాన్సర్, అండాశయం క్యాన్సర్ వచ్చిందా అన్నవి కూడా చెప్పండి. కుటుంబంలో ఉంటే డాక్టర్లు మరింత జాగ్రత్తగా చూస్తారు.

స్కాన్ రాసేటప్పుడు పొట్ట, పొత్తికడుపు రెండూ అని చీటీలో ఉందో లేదో చూసుకోండి. పొత్తికడుపు స్కాన్‌కు నీళ్లు తాగి మూత్రం ఆపుకుని వెళ్లాలి. మూత్రాశయం నిండితే దాని వెనకున్నవి బాగా కనిపిస్తాయి. రిపోర్టులో గాలి ఎక్కువ ఉండి అండాశయాలు కనిపించలేదని రాశారంటే అది బాగుందన్న రిపోర్టు కాదు. అప్పుడు యోని దారి నుంచి సన్నని పరికరంతో చేసే స్కాన్ అడగండి. అండాశయాలు అందులో చాలా దగ్గర నుంచి కనిపిస్తాయి. దాంతో పాటు సీఏ-125 అనే రక్త పరీక్ష కూడా చేయిస్తారు. 35 దాటితే ఎక్కువ కింద లెక్క. కానీ మొదటి దశ అండాశయం క్యాన్సర్ ఉన్నవాళ్లలో దాదాపు సగం మందికి ఆ అంకె మామూలుగానే ఉంటుంది. అందుకని రక్త పరీక్ష బాగుందని స్కాన్ మానకండి.

ములుగు వైపు నుంచి వచ్చిన ఒకామె సంగతి చెబుతాను, గుర్తుపట్టకుండా వివరాలు కొన్ని మార్చాను. అరవై ఏళ్ల మనిషి, ఆమెకూ గర్భసంచి ఎప్పుడో తీసేశారు. ఆరు నెలలకు పైగా గ్యాస్ మందులు వాడింది. మూత్రం మాటిమాటికి వస్తుంటే ఒక చోట షుగర్ చూశారు, ఇంకో చోట మూత్రంలో ఇన్ఫెక్షన్ అని యాంటీబయాటిక్స్ ఇచ్చారు. మంచం మీద పడుకోబెట్టి తట్టి చూస్తే పక్కల్లో కొంచెం నీరు ఉంది, లోపలి పరీక్షలో ఎడమవైపు గడ్డ తగిలింది. స్కాన్‌లో ఎడమ అండాశయం మీద 9 సెంటీమీటర్ల గడ్డ, లోపల అరలు అరలుగా ఉంది, ఒక చోట గట్టిగా కూడా ఉంది. సీఏ-125 మాత్రం 78. పట్నంలో చదువుకునే మనవడు నెట్‌లో చూసి, 35కు 78 అంటే కొంచెమే ఎక్కువ, వందల్లో వేలల్లో ఉంటేనే భయమట అన్నాడు. ఇంట్లో అందరికీ ఆ మాట నచ్చింది.

ఆ అంకెను ఒంటరిగా చదవకూడదు. దానికి ఒక లెక్క ఉంది. గడ్డలో అరలు ఉండడం, గట్టి భాగం ఉండడం, రెండు వైపులా గడ్డలుండడం, పొట్టలో నీరు, ఇంకో చోటికి పాకిన గుర్తు — స్కాన్‌లో ఈ ఐదింటిలో ఏవైనా రెండు కనిపిస్తే 3 వేస్తాం. ముట్లు ఆగిన మనిషికి మరో 3. యాభై దాటి గర్భసంచి తీసేసిన వాళ్లనూ ముట్లు ఆగినవాళ్ల కిందే లెక్కిస్తాం. ఈ రెండింటినీ సీఏ-125తో గుణించాలి. ఆమెకు 3 × 3 × 78, అంటే 702 వచ్చింది. 200 దాటితే క్యాన్సర్ ఆపరేషన్లు చేసే డాక్టరు దగ్గరకు పంపాలి. 78 కొంచెమే అనిపించినా, ఆ వయసు, ఆ స్కాన్‌తో కలిపితే అది చిన్న అంకె కాదు. మరోవైపు ముట్లు వస్తున్న ఆడపిల్లకు గర్భసంచి పొర బయట పెరిగే జబ్బు వల్లే 100, 200 రావచ్చు. స్కాన్ చేతిలో లేకుండా రిపోర్టు ఫోన్‌లో పంపి "ఇది ఎక్కువనా" అని అడిగితే ఎవరమూ చెప్పలేం.

ఈ లోపు ఆమెను దగ్గరి నర్సింగ్ హోంలో "నీటి గడ్డే, చిన్న రంధ్రంతో తీసేద్దాం, రెండు రోజుల్లో ఇంటికి పోతావు" అన్నారు. ఇలాంటి గడ్డ విషయంలో ఆ మాట వినకూడదు. అండాశయానికే పరిమితమైన క్యాన్సర్ గడ్డకు సూది గుచ్చినా, తీసేటప్పుడు అది లోపల పగిలినా కణాలు పొట్టలో చిమ్ముతాయి. మొదటి దశలోనే పై మెట్టుకు పోతుంది, లేకపోతే అవసరం పడని కీమో కూడా కావాల్సి రావచ్చు. ఆమెను హైదరాబాద్ రెడ్ హిల్స్‌లోని ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రికి పంపాం. అక్కడ సీటీ స్కాన్ చేసి, పెద్ద కోతతో గడ్డను పగలకుండా తీశారు. రెండో అండాశయం, నాళాలు, కొవ్వు పొర కూడా తీసి, పొట్టలోని నీటిని పరీక్షకు పంపారు. జబ్బు పొత్తికడుపు దాటలేదని తేలింది. మూడు వారాలకోసారి చొప్పున ఆరు కీమోలు పూర్తి చేసుకుంది. జుట్టు ఊడి మళ్లీ వచ్చింది. ఇప్పుడు చెకప్‌కు వస్తోంది. ఇంకో ఆరు నెలలు గ్యాస్ మందుల మీదే గడిపి ఉంటే ఆపరేషన్ ఇంత శుభ్రంగా కుదిరేది కాదు. పొట్టంతా పాకాక వచ్చేవాళ్లలో చాలామందికి ముందు మూడు కీమోలు ఇచ్చి, గడ్డలు తగ్గాక ఆపరేషన్, మళ్లీ మూడు కీమోలు ఇస్తారు. అప్పుడు కూడా వైద్యం ఉంది, కానీ జబ్బు తిరగబెట్టే భయం ఎక్కువ.

పొట్టలో నీరు కనిపించగానే క్యాన్సరని నిర్ణయించేసుకోకండి. మన ప్రాంతంలో పొట్టలో టీబీ ఇంకా ఉంది. దానిలోనూ పొట్టలో నీరు చేరుతుంది, సీఏ-125 వందల్లోకి పోతుంది, బరువు తగ్గుతుంది. లివర్ చెడినా, గుండె బలహీనపడినా అంతే. అందుకే ఆ నీటిని కొంచెం తీసి పరీక్ష చేస్తారు. దాంతో తేలకపోతే దుర్భిణితో చూసి చిన్న ముక్క తీస్తారు. ముక్క పరీక్ష లేకుండా ఊహ మీద టీబీ గోళీలు మొదలుపెట్టి నెలలు గడిపి, చివరికి క్యాన్సరని తేలిన వాళ్లను చూశాను. క్యాన్సరని ఏడ్చి, చివరికి టీబీ అని తేలి ఆరు నెలల మందులతో బాగైన వాళ్లనూ చూశాను. స్కాన్‌లో చిన్న నీటి తిత్తి మాత్రమే ఉందనుకోండి, 5 సెంటీమీటర్లలోపు, లోపల అరలు గానీ గట్టి భాగం గానీ లేకుండా, సీఏ-125 మామూలుగా ఉంటే దాన్ని తీయాల్సిన పని సాధారణంగా ఉండదు. నాలుగు నుంచి ఆరు నెలల తర్వాత మళ్లీ స్కాన్ చేసి చూస్తారు.

ఎక్కడికి పోవాలంటే, మీకు దగ్గరగా నర్సంపేటలోనే ప్రభుత్వ ఆసుపత్రి ఉంది, అక్కడ స్త్రీల వ్యాధుల డాక్టరును అడగండి. లేదంటే వరంగల్ సీకేఎం ఆసుపత్రికి వెళ్లండి. అది కాన్పుల ఆసుపత్రి కదా నాకెందుకనుకోకండి, అన్ని వయసుల స్త్రీల జబ్బులనూ అక్కడ చూస్తారు. పెద్ద స్కాన్ అవసరమైతే ఎంజీఎం ఉంది. రేషన్ కార్డు, ఆధార్, పాత డిశ్చార్జి కాగితాలు, ఎండోస్కోపీ రిపోర్టు, వాడిన గోళీల అట్టలు ఒక సంచిలో పెట్టుకుని వెళ్లండి. క్యాన్సర్ అని తేలితే ఆపరేషన్, కీమో ఆరోగ్యశ్రీలో ఉన్నాయి. 2023 డిసెంబరు నుంచి తెలంగాణలో కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయల దాకా వర్తిస్తోంది. డబ్బు కోసం ఎడ్లు, భూమి అమ్మే మాట తీసుకురాకముందే ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను కలవండి.

వాంతులు ఆగకపోయినా, విరేచనం, గాలి రెండూ ఆగిపోయినా, పడుకుంటే ఊపిరి ఆడకపోయినా, ఒక కాలు ఒక్కటే వాచి నొప్పి పెట్టినా వారం కూడా ఆగకండి, అదే రోజు ఎంజీఎం ఎమర్జెన్సీకి రండి.

స్కాన్, రక్త పరీక్ష రెండూ బాగున్నాయంటే సంతోషమే. అప్పుడు థైరాయిడ్, షుగర్ మందులు, మలబద్ధకం వైపు చూస్తారు. ఈ వయసులో మల విసర్జన పద్ధతి మారినా, రక్తం పడినా పెద్దపేగును కూడా చూడాల్సి ఉంటుంది. ఆ కారణాలకు మందు వాడుతున్నా నెల రోజుల తర్వాత కూడా లంగా నాడ బిగుస్తూనే ఉంటే, పాత రిపోర్టు బాగుందని ఊరుకోకుండా అదే డాక్టరు దగ్గరకు తిరిగి వెళ్లి మళ్లీ పరీక్ష చేయమని అడగండి.